అనుమతి చూపని ‘బయో’కు అంగడిలో చోటుండకూడదు

ఏ చట్టం కింద అనుమతి పొందిందో తన లేబులు మీద చెప్పుకోలేని ‘బయో’ సీసా కొనదగినది కాదు. అమ్మదగినది అసలే కాదు. ఇంత కరాఖండిగా చెప్పాల్సి వస్తున్నది రైతుకు తెలివి లేక కాదు. అడ్డూ అదుపూ లేని సరుకు మండల కేంద్రాల్లోని ఎరువుల దుకాణాల అరల నిండా పేరుకుపోయింది కాబట్టి. 2021–22 సీజన్లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటల మీద పడింది. అలవాటైన మందులు పట్టు తప్పాయి. కళ్లెదుట పూత రాలిపోతుంటే రైతులు ఎవరేది చెబితే అది తెచ్చి కొట్టారు. భయపడిన రైతుకు బయో అమ్మడం ఎంత తేలికో ఆ ఏడాది అందరూ చూశారు. అది చూసి కూడా రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు ఈ సరుకును దుకాణం గుమ్మం దగ్గర ఆపే పకడ్బందీ ఏర్పాటు చేయలేకపోయాయి.

మొదట రైతు చేతిలో ఉన్న పని చూద్దాం. బ్రాండు మంచిదా కాదా అని వాకబు చేసే ముందు, ఆ సరుకు ఏ చట్టం కిందికి వస్తుందో తేల్చుకోవాలి. రైజోబియం, అజటోబాక్టర్, అజోస్పైరిల్లం, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా, మైకోరైజా వంటివి జీవన ఎరువులు. ఇవి 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు మూడో షెడ్యూలులో ఉన్నాయి. వర్మీ కంపోస్టు, సిటీ కంపోస్టు లాంటి సేంద్రియ ఎరువులది నాలుగో షెడ్యూలు. సముద్రపు నాచు, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాల వంటి బయోస్టిమ్యులెంట్లు 2021లో ఆరో షెడ్యూలులోకి వచ్చాయి. పురుగును గానీ తెగులును గానీ అదుపు చేస్తుందని చెప్పి అమ్మేది ఏదైనా సరే, వేపనూనె మందైనా, ట్రైకోడెర్మా అయినా, బవేరియా, బీటీ అయినా, 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్ర పురుగుమందుల బోర్డు దగ్గర రిజిస్టరు కావాల్సిందే. ప్రకృతి నుంచి తీశామన్న కారణంతో ఆ చట్టం ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. సీసా మీద ‘మొక్కకు బలాన్నిచ్చేది’ అని ఉంటుంది. కౌంటరు దగ్గర మాత్రం ‘తామర పురుగుకు తిరుగులేదు’ అంటారు. లేబులు చెప్పేది ఒకటి, నోటితో చెప్పేది మరొకటి అయినప్పుడు అమ్మకందారు రెండు చట్టాల నుంచీ తప్పించుకుంటున్నాడని అర్థం. పురుగు చస్తుందని అతను నోటితో చెప్పిన మాట లేబులు మీద ఎందుకు లేదని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. దానికి సూటిగా జవాబు రాకపోతే సీసాను అక్కడే వదిలి రావాలి.

అలాంటి లేబుల్ని ఒకసారి నింపాదిగా చదవండి. ముందు వైపు పచ్చటి ఆకు బొమ్మ, ‘నూరు శాతం ఆర్గానిక్’, ‘విషరహితం’, ఐఎస్‌ఓ గుర్తు, పేరు పక్కన ట్రేడ్‌మార్కు అక్షరం. వెనక్కి తిప్పితే ‘మొక్కల సారాలు, ఇతర పదార్థాలు: తగినంత’ అని ఒకే ఒక్క వరుస. ఏ మొక్క, ఏ పదార్థం, ఎంత శాతం అన్నది ఉండదు. ‘అన్ని పంటలకూ, అన్ని దశల్లోనూ’ అని ఉంటుంది. తయారీ లైసెన్సు సంఖ్య ఉండాల్సిన చోట జీఎస్టీ సంఖ్యో, చిన్న పరిశ్రమగా నమోదు చేసుకున్న సంఖ్యో ఉంటుంది. తయారు చేసినవారు ఒకరు, మార్కెటింగ్ చేసేవారు ఒకరు, తయారీదారు చిరునామాలో ఊరి పేరు తప్ప ఏమీ ఉండదు. ఎమ్మార్పీ భారీగా వేసి, అందులో సగానికే ఇస్తున్నట్టు డీలరు ఉదారత చూపిస్తాడు. ఇందులో చట్టం అడిగిన ముక్క ఒక్కటీ లేదు. ఐఎస్‌ఓ గుర్తు కంపెనీ నిర్వహణ పద్ధతికి ఇచ్చేదే తప్ప సీసాలో ఏముందో చెప్పేది కాదు. ట్రేడ్‌మార్కు పేరుకు రక్షణ, రైతుకు కాదు. జీఎస్టీ సంఖ్య పన్ను కట్టడానికి పనికొస్తుంది.

దీనికి విరుగుడు దుకాణంలోనే ఉంది. ఎరువుల డీలరు తాను అమ్మే ప్రతి కంపెనీ సరుకుకూ ఆ కంపెనీ ఇచ్చిన ‘ఓ’ ఫారం దగ్గర పెట్టుకోవాలి. ఈ సరుకు నేనే ఇతనికి సరఫరా చేస్తున్నానని తయారీదారు ఇచ్చే ధ్రువపత్రం అది. పురుగుమందుల విషయంలో ఇదే పనిని ప్రిన్సిపల్ సర్టిఫికెట్ చేస్తుంది. దాన్ని వ్యాపారులు పీసీ అంటారు. జీవన ఎరువు, సేంద్రియ ఎరువు తయారు చేసేవారికి రాష్ట్ర ప్రభుత్వం నుంచి తయారీ ధ్రువపత్రం ఉండాలి, దాని పేరు ‘ఎఫ్’ ఫారం. రైతు అడగాల్సిందల్లా ‘ఈ కంపెనీ ఓ ఫారం చూపించండి’ అని. చట్టప్రకారం అమ్మే డీలరు ఫైలు తీసి చూపిస్తాడు, అతనికి అది రెండు నిమిషాల పని. చూపించలేని డీలరు మాట మారుస్తాడు. ‘కంపెనీ పెద్దది’ అంటాడు, ‘పక్క ఊళ్లో ఫలానా వాళ్లు వాడారు’ అంటాడు. ఆ ఫలానా వాళ్ల కథ వినాల్సిన అవసరం రైతుకు లేదు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బ్రాండు కూడా సగం భరోసాయే. జీవన ఎరువులో అమ్ముతున్నది ప్రాణమున్న సరుకు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైజోబియం, అజటోబాక్టర్, అజోస్పైరిల్లం, భాస్వరం కరిగించే బ్యాక్టీరియా లాంటివి పొడి రూపంలో ఉంటే గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలి. ద్రవ రూపంలో ఉంటే మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలి. లక్ష వంతుకు పలచన చేసి పెంచి చూసినప్పుడు వేరే సూక్ష్మజీవి ఏదీ కనిపించకూడదు. ఈ లెక్క కంటితో తేలేది కాదు, ప్రయోగశాలలో గాజు పళ్లేల మీద రోజుల తరబడి పెంచి లెక్కపెడితేనే తేలుతుంది. కాబట్టి సీసా మీద ‘వెయ్యి కోట్లు’ అని అచ్చేసుకున్నంత మాత్రాన నమ్మడానికి లేదు. పరీక్ష నివేదిక అడగాలి. అది కంపెనీ సొంత ప్రయోగశాలదైనా ఫరవాలేదు. కానీ అందులోని బ్యాచి సంఖ్య చేతిలో ఉన్న ప్యాకెట్ మీది బ్యాచి సంఖ్యతో సరిపోవాలి, పరీక్షించిన తేదీ ఉండాలి, సూక్ష్మజీవి పేరు, లెక్క ఉండాలి. రెండేళ్ల కిందటి ఏదో బ్యాచి నివేదికను లామినేషన్ చేయించి గోడకు తగిలించడం నివేదిక చూపించడం కాదు. ఒకే సీసాలో పదిహేను రకాల సూక్ష్మజీవులు, సముద్రపు నాచు, హ్యూమిక్, అమైనో అన్నీ ఉన్నాయని చెప్పే సరుకు ఏ షెడ్యూలులోనూ ఇమడదు. దాన్ని పరీక్షించడానికి ప్రమాణమే ఉండదు, ఆ తయారీదారుకు కావలసింది కూడా అదే.

మంచి కంపెనీ మంచి బ్యాచి సైతం మన దుకాణాల్లో చచ్చిపోతుందన్నది ఎవరూ ఒప్పుకోని నిజం. పొడి రూపంలోని జీవన ఎరువుకు ఆయుష్షు మామూలుగా ఆరు నెలలు. ద్రవ రూపానికి ఏడాది, కొన్నిటికి అంతకు మించి. ఈ లెక్క నీడన, చల్లని చోట నిల్వ చేసినప్పటిది. రేకుల షెడ్డులో, మే నెల ఎండలో, పురుగుమందుల డబ్బాల పక్కన పేర్చిన ప్యాకెట్‌కు గడువు తేదీ ఇంకా నాలుగు నెలలు ఉన్నా అందులో బతికున్నవి ఎన్నో ఎవరూ చెప్పలేరు. రైతు చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. తయారీ తేదీ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పొడి ప్యాకెట్‌లో 30 నుంచి 40 శాతం తేమ ఉండాలి. చేత్తో నొక్కితే గుండలా జారిపోయేంత ఎండిపోయినా, గట్టిగా గడ్డకట్టినా వద్దనాలి. ప్యాకెట్ల పెట్టె ఎక్కడ పెట్టారో చూపించమనాలి. ఎండ తగిలే అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టిన సీసా ఇవ్వబోతే లోపలి గదిలోది అడగాలి. వీలైతే రాజేంద్రనగర్, అమరావతి లాంటి చోట్ల వ్యవసాయ విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలు తయారు చేసే జీవన ఎరువులను అక్కడి నుంచే తెచ్చుకోవడం మేలు. అక్కడ బ్రాండు హంగు ఉండదు. తయారీకి, కొనుగోలుకు మధ్య నెలల తరబడి గోదాముల్లో మగ్గే గండం మాత్రం తప్పుతుంది.

బయో మందు అని కొట్టిన సాయంత్రానికే పురుగులు రాలిపడ్డాయని మురిసిపోవడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి. నిజమైన జీవ సంబంధ మందు అలా పని చేయదు. బీటీ తిన్న గొంగళిపురుగు తిండి మానేసి చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. బవేరియా శిలీంధ్రం పురుగు ఒంటి మీద మొలకెత్తి లోపలికి చొచ్చుకుపోవడానికి వారం దాకా పట్టొచ్చు, గాలిలో తేమ లేకపోతే అదీ ఉండదు. వేప మందు ముఖ్యంగా పురుగు తిండిని, ఎదుగుదలను దెబ్బ తీస్తుంది, తామర పురుగును గంటల్లో పడగొట్టదు. గంటల్లో పడగొట్టే ‘బయో’లో రసాయన పురుగుమందు కలిసి ఉందని అనుమానించాలి. అమ్మకందారు ఏ ఫలితాన్ని గొప్పగా చెప్పుకుంటున్నాడో అదే కల్తీకి ఆనవాలు.

అలా కలిపిన మందు పేరు రైతుకు తెలియదు. మోతాదు తెలియదు, కోతకు ముందు ఎన్నాళ్లు ఆగాలో తెలియదు. విషరహితం అని రాసి ఉంది కదా అని ముఖానికి గుడ్డ కూడా కట్టుకోకుండా పిచికారీ చేస్తాడు. కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తే, ఏ మందు ఒంట్లోకి వెళ్లిందో డాక్టరుకు చెప్పగలిగిన కాగితం ఏదీ ఉండదు. రసాయన పురుగుమందు డబ్బా మీద విషతీవ్రత చెప్పే రంగు గుర్తు, విరుగుడు వివరం ఉంటాయి. దొంగ బయో మీద ఉండేది పచ్చటి ఆకు బొమ్మే. ఎగుమతికి పోయిన మిరపకాయలో అవశేషాలు బయటపడితే సరుకు వెనక్కి వస్తుంది, ధర పడిపోతుంది. సేంద్రియ సాగు ధ్రువీకరణ ఉన్న రైతు తాను ఎన్నడూ వాడని మందుకు ఆ ధ్రువీకరణే పోగొట్టుకుంటాడు. బయోస్టిమ్యులెంట్లలో పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం మించరాదని నిబంధన ఉంది. ఆ నిబంధన కాగితం మీద కడిగిన ముత్యంలా ఉంది. అరల మీది సీసాలను ఆ లెక్కన పట్టి చూసే నాథుడే లేడు.

సేంద్రియ సాగు చేసేవారికి ఇంకో మాట. ‘ఇండియా ఆర్గానిక్’ ముద్ర పండిన పంటకు సంబంధించినది, బస్తాలోని ఎరువుకు కాదు. ఎరువు సేంద్రియ సాగులో వాడదగినదేనని ధ్రువీకరణ సంస్థ ఆమోదిస్తే, ఆ సంస్థ పేరుతో, సరుకు పేరుతో, గడువు తేదీతో ఒక పత్రం ఉంటుంది. అది అడిగి, మన సొంత ధ్రువీకరణ సంస్థకు ముందే చూపించి కొనాలి, కొన్నాక కాదు. జీవామృతాన్ని సీసాలో పోసి ఏడాది గడువు వేసి అమ్మేవాళ్లు కూడా తయారయ్యారు. రెండు రోజులు పులియబెట్టి వారంలోపు నేలకు ఇవ్వాల్సిన దానికి ఏడాది గడువేమిటో వాళ్లే చెప్పాలి.

ఇక బస్తాల సంగతి. ‘ఒక బస్తా మా ఆర్గానిక్ వేస్తే ఒక బస్తా డీఏపీ వేసినట్టే’ అని చెప్పి నల్లటి గుళికలు అంటగడుతున్నారు. ఎక్కాలు వచ్చినవాడు ఎవడైనా దీన్ని తేల్చగలడు. వర్మీ కంపోస్టులో ప్రమాణం ప్రకారం ఉండాల్సిన నత్రజని కనీసం ఒక శాతం, భాస్వరం 0.8 శాతం. అంటే 50 కిలోల బస్తాలో అర కిలో నత్రజని, 400 గ్రాముల భాస్వరం. 50 కిలోల డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. వర్మీ కంపోస్టు విలువ నేలలో సేంద్రియ కర్బనం పెంచడంలో, నేల గుల్లబారడంలో ఉంది, దాన్ని ఎవరూ కాదనరు. డీఏపీకి బదులని అమ్మితే అది మోసం. అలాంటి బస్తా కొన్న రైతు పంట మధ్యలో ఆకు పసుపు రంగుకు తిరిగినప్పుడు మళ్లీ యూరియా కోసం పరిగెత్తుతాడు, రెండు ఖర్చులూ నెత్తిన పడతాయి.

కొన్నదాన్ని పొలంలో పరీక్షించే మార్గం కూడా ఉంది, అపరాలలో అది తేలిక. మినుము, పెసర విత్తనానికి రైజోబియం పట్టించే రైతు నాలుగు సాళ్లకు సరిపడా విత్తనాన్ని పట్టించకుండా పక్కన పెట్టి, దాన్నే ముందు విత్తాలి. మిగతా విత్తనానికి శిలీంధ్రనాశని, పురుగుమందు పట్టించాల్సి ఉంటే అవి ముందు పట్టించి, ఆరాక చివరికి పల్చటి బెల్లం నీళ్లతో 200 గ్రాముల ప్యాకెట్ పట్టించి నీడన ఆరబెట్టి విత్తుకోవాలి. నెల దాటాక రెండు వైపుల నుంచీ అయిదారు మొక్కలను వేళ్లు తెగకుండా పారతో తవ్వి తీసి, మట్టి కడిగి, బొడిపెలు లెక్కపెట్టాలి. బొడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే అది పని చేస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే దానివల్ల పైరుకు నత్రజని అందడం లేదు. పట్టించని సాళ్లలోనూ బొడిపెలు ఉండొచ్చు, ఎందుకంటే ఏళ్లుగా అపరాలు వేసిన నేలలో సహజంగానే ఆ బ్యాక్టీరియా ఉంటుంది. అందుకే పోల్చి చూడాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే ప్యాకెట్ చచ్చినదైనా కావాలి, ఆ నేలకు దాని అవసరం లేకపోయినా కావాలి. ఎలా చూసినా వచ్చే ఏడాది ఆ ఖర్చు పెట్టే ముందు ఆలోచించాలి. ఒక పంట రైజోబియం మరో పంటకు పని చేస్తుందన్న నమ్మకం లేదు. పంట పేరు రాయకుండా ‘అన్ని పప్పుధాన్యాలకు’ అన్న ప్యాకెట్‌ను కొనకపోవడమే మేలు.

ఇంత జాగ్రత్తను ఒక్కో రైతు మీద మోపడం న్యాయమా అంటే కాదు. సీసా అర మీదికి ఎక్కకముందే ఆపాల్సినవాళ్లు ఆపలేదు. బయోస్టిమ్యులెంట్లనే చూడండి. 2021లో నియంత్రణలోకి తెచ్చారు. తాత్కాలిక అనుమతులిచ్చి, వాటికి పొడిగింపు మీద పొడిగింపు ఇస్తూ 2025 జూన్ దాకా లాగారు. దేశంలో ఏళ్ల తరబడి సుమారు 30 వేల బయోస్టిమ్యులెంట్ ఉత్పత్తులు తనిఖీ లేకుండా అమ్ముడయ్యాయని, నాలుగేళ్లుగా దాదాపు 8 వేలు చలామణిలో ఉన్నాయని, గట్టిగా పట్టుకుంటే అవి 650 దాకా తగ్గాయని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహానే చెప్పారు. మిగిలిన వేలాది సీసాలకు రైతులు పోసిన డబ్బు సంగతి ఆ ప్రకటనలో లేదు. ఎవరి మీద కేసు పెట్టారో, ఎవరి లైసెన్సు పోయిందో కూడా లేదు. సంఖ్య తగ్గించినందుకు మెచ్చుకోవచ్చు. నాలుగేళ్లు చూస్తూ ఊరుకున్నందుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

డీలర్లు తాము మధ్యవారమని తప్పించుకోవడం కుదరదు. యూరియా కోసం వరుసలో నిలబడిన రైతుకు ‘ఈ సీసా కూడా తీసుకుంటేనే’ అని లింకు పెట్టేది కంపెనీ అయినా, ఆ మాట చెప్పేది కౌంటరు వెనక కూర్చున్న మనిషే. బిల్లు అడిగితే కచ్చా చీటీ రాసిచ్చేదీ అతనే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చింది, దాన్ని ఉల్లంఘిస్తే ఏడేళ్ల దాకా జైలు శిక్షకు వీలుంది. ఆ శిక్ష ఉందన్న సంగతి బజారులో ఎవరికీ గుర్తులేదంటే తప్పు బజారుది ఒక్కటే కాదు. రైతు మాత్రం బ్యాచి సంఖ్య వేసిన పక్కా బిల్లు లేకుండా సరుకు ఇంటికి తేకూడదు. మోసపోయానని తెలిస్తే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఖాళీ సీసా పారేయకుండా, ఉంటే తెరవని మరో సీసాను కూడా దాచాలి. ఆ బిల్లే వినియోగదారుల కమిషన్ ముందు పనికొచ్చే సాక్ష్యం. నోటి మాట అక్కడ నిలవదు.

రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు చేయాల్సింది పెద్ద పథకం కాదు. ఏ జిల్లాలో ఏ కంపెనీ జీవన ఎరువులకు, సేంద్రియ ఎరువులకు, బయోస్టిమ్యులెంట్లకు అనుమతి ఉందో, గడువు ఎప్పటిదాకానో తేల్చిన జాబితాను తెలుగులో అచ్చేసి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి రైతు సేవా కేంద్రం తలుపు మీద, తెలంగాణలో ప్రతి రైతు వేదిక గోడ మీద అంటించాలి. ప్రతి దుకాణంలో ఓ ఫారాలు, పీసీలు రైతుకు కనిపించేలా పెట్టించాలి. నమూనాలు తీసేటప్పుడు జీవన ఎరువుల్లో బతికున్న కణాల లెక్కతో పాటు బయోల్లో రసాయన అవశేషాల పరీక్ష కూడా తప్పనిసరి చేయాలి. తప్పిన బ్యాచి సంఖ్యను, కంపెనీ పేరును పంట చేతికి వచ్చాక కాకుండా ఆ సీజన్లోనే బయట పెట్టాలి. జాబితాలో లేని సీసా దొరికిన దుకాణానికి ఆ రోజే అమ్మకాల నిలిపివేత ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చే ఖరీఫ్‌లో మిరప నారు పోసే నాటికి ఆ జాబితా గోడ మీద లేకపోతే, ఆ సీజన్లో అమ్ముడైన ప్రతి దొంగ సీసాకూ వ్యవసాయ శాఖ కమిషనర్లే బాధ్యులని లెక్క.